నగ బిల్లును రాళ్ల బరువు దగ్గర మొదలుపెట్టండి



సికింద్రాబాద్‌లో నగలు కొనేవాళ్లకు జనరల్ బజార్, పాట్ మార్కెట్ కొత్త చోట్లు కావు. అల్వాల్, బొల్లారం, మల్కాజిగిరి నుంచే కాకుండా భువనగిరి, జనగామ వైపు నుంచి కూడా రైలు దిగి నేరుగా అక్కడికే వెళ్లే కుటుంబాలున్నాయి. దుకాణంలో కూర్చోగానే మనం అడిగే మొదటి మాట, "ఈరోజు రేటెంత?" రెండో మాట, "తరుగు ఎంత తగ్గిస్తారు?" బేరమంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. రేటు ఎలాగూ బోర్డు మీద రాసి ఉంటుంది. తరుగులో ఒకటి రెండు శాతం తగ్గించగానే సంతోషపడి లేస్తాం.

రాళ్ల నగ కొనేటప్పుడు అంతకంటే ముందే చూడాల్సిన అంకె ఒకటుంది. నగ మొత్తం బరువులోంచి రాళ్ల బరువు తీసేస్తే మిగిలే నికర బరువు అది. దీన్నే బిల్లులో నెట్ వెయిట్ అంటారు. బంగారం ఖరీదు, తరుగు, మజూరీ, పన్ను అన్నీ ఆ అంకెను పట్టుకునే పెరుగుతాయి. అక్కడ ఒక గ్రాము తప్పితే కింద నాలుగు చోట్ల తప్పుతుంది. అందుకే ఈ ప్రసంగంలో ఒకే ఒక్క హారం బిల్లును మొదటి నుంచి చివరి దాకా లెక్క కట్టి చూద్దాం. వీలైతే ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. లెక్క తేలిగ్గా సాగడానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. మీరు కొనే రోజు రేటు వేరే ఉంటుంది కానీ లెక్క నడిచే తీరు ఇదే.

మనం తీసుకున్నది కెంపుల హారం. దుకాణంలో అందరూ దాన్ని "నాలుగు తులాల హారం" అంటున్నారు. మన దగ్గర ఇప్పుడు తులం అంటే 10 గ్రాములు. పాతకాలపు తులం 11 గ్రాముల 66 సెంటీగ్రాముల చిల్లర. ఏ తులమో అనే గొడవ లేకుండా గ్రాముల్లోనే మాట్లాడమని అడగండి. హారానికి దారంతో కట్టిన చిన్న చీటీ ఉంటుంది. దాని మీద మూడు అంకెలు చదువుదాం. గ్రాస్ వెయిట్, అంటే మొత్తం బరువు, 42.350 గ్రాములు. స్టోన్ వెయిట్, అంటే రాళ్ల బరువు, 4.850 గ్రాములు. నెట్ వెయిట్ 37.500 గ్రాములు. అంటే నాలుగు తులాల హారం అన్నదాంట్లో ఉన్న బంగారం మూడు ముప్పావు తులాలే. ఇందులో మోసమేమీ లేదు, రాళ్ల నగ అంటే అంతే. మనకు ఆ తేడా తెలిసి ఉండాలి.

చీటీ మీది అంకెను నమ్మి ఊరుకోకుండా మన కళ్లముందు తూకం వేయించాలి. తూకానికి ముందు చీటీ, దారం, డబ్బా తీసేయాలి. ఖాళీ పళ్లెంతో తూకం యంత్రం సున్నా చూపిస్తోందా అని చూడాలి. బంగారం తూచే యంత్రంలో గ్రాముల తర్వాత మూడు అంకెలు కనిపించాలి, మిల్లీగ్రాము వరకు తెలియాలి కాబట్టి. అంత సున్నితమైన యంత్రం ఫ్యాను గాలికి కూడా ఊగుతుంది. అందుకే దాని చుట్టూ గాజు పెట్టె ఉంటుంది. ఆ తలుపు మూసి, అంకె నిలకడగా ఆగాక చదవాలి. తూకం యంత్రానికి ప్రతి 12 నెలలకోసారి తూనికలు కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వేయాలి. ఆ ధ్రువపత్రం దుకాణంలో అందరికీ కనిపించేలా పెట్టాలని నిబంధన. అది చూపించమని అడగడంలో తప్పేమీ లేదు. తూకంలో 42.350 వచ్చింది. ఇంతవరకు బాగుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మొత్తం బరువును తూచి చూడగలం. రాళ్ల బరువును మాత్రం తూచలేం. రాళ్లు అప్పటికే బంగారంలో పొదిగి ఉన్నాయి. వాటిని పొదగకముందు పనివాడు తూచి రాసిన అంకెనే దుకాణం చీటీ మీద ఎక్కిస్తుంది. కెంపులు, పచ్చల వెనక లక్క నింపిన పాత తరహా పనిలోనైతే ఆ లక్క బరువు కూడా ఇందులోనే పోవాలి. నల్లపూసల గొలుసుల్లో పూసల బరువు, ముత్యాల హారాల్లో ముత్యాలు, గుచ్చిన దారం బరువు తీసేయాలి. బంగారం కానిదేదీ బంగారం రేటుకు తూగకూడదు. "బాగా చిన్న రాళ్లేనమ్మా, వాటికి బరువేముంటుంది" అని ఎవరైనా అంటే, ఉన్న బరువు ఎంతో కాగితం మీద రాయమనండి.

పొదిగిన రాళ్ల బరువును తీయకుండానే సరిచూసే దారి ఒకటుంది, అది బిల్లులోనే ఉంటుంది. విలువైన రాళ్లకు ధరను గ్రాముల్లో కట్టరు, క్యారెట్లలో కడతారు. బంగారం స్వచ్ఛతను చెప్పే క్యారెట్ వేరు, రాయి బరువును చెప్పే క్యారెట్ వేరు. రాయి విషయంలో ఒక క్యారెట్ అంటే గ్రాములో ఐదో వంతు. ఐదు క్యారెట్లు కలిస్తే ఒక గ్రాము. మన హారంలో కెంపులు 24.25 క్యారెట్లు అని, క్యారెట్‌కు 400 రూపాయల చొప్పున 9,700 రూపాయలు అని బిల్లులో రాశారు. 24.25ను ఐదుతో భాగిస్తే 4.850 వస్తుంది. చీటీ మీద స్టోన్ వెయిట్ కూడా 4.850 గ్రాములే. రెండూ కలిశాయి కాబట్టి ఈ బిల్లు ఈ పరీక్షలో నెగ్గింది.

ఒకవేళ రెండూ కలవకపోతే? అదే హారానికి స్టోన్ వెయిట్ 3.850 గ్రాములని వేసి, కెంపులకు మాత్రం 24.25 క్యారెట్ల ధర కట్టారనుకుందాం. రాళ్లకు డబ్బు తీసుకునేటప్పుడు 4.850 గ్రాముల రాళ్లున్నాయి. బంగారం బరువులోంచి తీసేసేటప్పుడు మాత్రం 3.850 గ్రాములే ఉన్నాయి. మధ్యలో మాయమైన ఒక గ్రాము కెంపులు బంగారంగా మారాయి. నికర బరువు 37.500కు బదులు 38.500 అయింది. దాని ఖర్చు చూడండి. ఒక గ్రాము బంగారం 10,000 రూపాయలు. దాని మీద 12 శాతం తరుగు 1,200. గ్రాముకు 300 చొప్పున మజూరీ ఇంకో 300. అప్పటికి 11,500. దాని మీద 3 శాతం పన్ను 345. కలిపితే 11,845 రూపాయలు. ఆ గ్రాము రాళ్లకు, అంటే ఐదు క్యారెట్లకు, రాళ్ల పద్దు కింద 2,000 రూపాయలు విడిగా కట్టనే కట్టాం. ఒకే వస్తువుకు రెండు సార్లు ధర పడింది. తరుగులో ఒక శాతం తగ్గించుకుంటే ఈ హారానికి మిగిలేది 3,750 రూపాయలు. ఒక గ్రాము రాళ్ల దగ్గర పోయేది దానికి మూడింతలు. బేరం ముందు ఎక్కడ చేయాలో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. రాళ్లకు విడిగా ధర కట్టకపోతే, లేదా క్యారెట్లు రాయకుండా "రాళ్లు, మొత్తం కలిపి" అని ఒకే అంకె వేస్తే పోల్చడానికి ఏమీ ఉండదు. చవక రకం తెల్లరాళ్లకు, గాజురాళ్లకు అలా వేయడం మామూలే. అలాంటప్పుడు రాళ్ల బరువును గ్రాముల్లో, రాళ్ల ధరను రూపాయల్లో వేరువేరుగా రాయించుకోవాలి. దానితో పాటు ఇంకో మాట అడగండి: "సేఠ్, రేపు ఈ హారం మీకే తిరిగి ఇస్తే ఎంత బరువుకు డబ్బిస్తారు?" ఇప్పుడు అమ్మే నికర బరువూ, రేపు తీసుకునే నికర బరువూ ఒకటే కావాలి. ఆ మాటను బిల్లు మీదే రాసి ఇమ్మనండి. పాత నగలు అమ్మే రోజున రాళ్లు ఊడదీసి, బంగారం కరిగించి తూస్తారు. రాళ్ల బరువులో ఉన్న తేడా ఆ రోజు ఎలాగూ బయటపడుతుంది. అప్పటికి పదేళ్లు దాటితే అడగడానికి ఆధారం ఉండదు.

నికర బరువు 37.500 గ్రాములని ఖాయమైంది. దాన్ని 10,000తో గుణిస్తే బంగారం ఖరీదు 3,75,000 రూపాయలు. ఇక్కడ ఒక్కటే చూడాలి. 22 క్యారెట్ల నగకు 22 క్యారెట్ల రేటే పడాలి. నగ మీద "22కె 916" ముద్ర ఉంటే అందులో వెయ్యికి 916 పాళ్లు బంగారం, మిగిలింది రాగి, వెండి వంటి కలుపు. 24 క్యారెట్ల రేటు 22 క్యారెట్ల రేటు కంటే పదకొండో వంతు ఎక్కువ. బోర్డు మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఏది వేశారో వేలు పెట్టి చూడండి.

తర్వాత తరుగు. తరుగు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని గురించి మాట్లాడటం తేలిక. కంసాలి చేత్తో నగ చేసినప్పుడు బంగారం కరిగించాలి, తీగ లాగాలి, ఆకురాయితో అరగదీయాలి, టంకం పెట్టి అతకాలి, మెరుగు పెట్టాలి. ప్రతి దశలో కాస్త బంగారం పొడిగా రాలుతుంది. మనం ఇచ్చిన బంగారం కంటే చేతికి వచ్చిన నగ తక్కువ తూగేది. ఆ తగ్గిందే తరుగు. ఇప్పుడు దుకాణంలో సిద్ధంగా ఉన్న నగకు మనం కట్టే తరుగు మాత్రం అలా కొలిచి చెప్పింది కాదు. అది నగ ధరలో ఒక భాగం. యంత్రం మీద అల్లిన సాదా గొలుసుకు తక్కువ శాతం, దేవతామూర్తులు చెక్కిన నక్షీ పనికి, కెంపులు పొదిగిన హారానికి ఎక్కువ శాతం వేస్తారు. ఎంత వేయాలో చట్టం ఏమీ చెప్పలేదు. కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు మధ్య కుదిరే మాట అది. అందుకే ఆ మాట స్పష్టంగా ఉండాలి. కొన్ని దుకాణాల్లో దీన్ని వీఏ అని రాస్తారు. పేరు ఏదైనా అడగాల్సింది ఒక్కటే: "ఈ శాతం దేని మీద వేశారు? నికర బరువు మీదా, మొత్తం బరువు మీదా?"

మన హారానికి తరుగు 12 శాతం. నికర బరువు మీదైతే 4.500 గ్రాములు, అంటే 45,000 రూపాయలు. మజూరీ గ్రాముకు 300 రూపాయలు, నికర బరువు మీద 11,250. అదే తరుగును, మజూరీని మొత్తం బరువు 42.350 మీద వేస్తే తరుగు 50,820 అవుతుంది, మజూరీ 12,705 అవుతుంది. రెండూ కలిపి 7,275 రూపాయలు పెరుగుతాయి. పన్నుతో దాదాపు 7,500. నోటితో చెప్పిన శాతం రెండు చోట్లా 12, గ్రాముకు మజూరీ రెండు చోట్లా 300. కట్టే డబ్బు మాత్రం వేరు. రాళ్లు పొదిగే పని కూడా పనే కదా, దానికి కూలి ఉండదా అని దుకాణదారు అనవచ్చు. ఉంటుంది. అలాంటప్పుడు పొదుగుడు కూలి అని వేరే గీతలో రాయమనండి. రాళ్ల మీద బంగారపు తరుగు వేయడం మాత్రం ఒప్పుకోకండి. కెంపు అరిగి రాలిపోదు.

రెండు దుకాణాల ధరలు పోల్చేటప్పుడు తరుగును ఒక్కదాన్నే పోలిస్తే తప్పుదారి పడతాం. తరుగు, మజూరీ కలిపి, వచ్చిన మొత్తాన్ని బంగారం ఖరీదుతో పోల్చాలి. మన బిల్లులో తరుగు 45,000, మజూరీ 11,250. కలిపితే 56,250. బంగారం ఖరీదు 3,75,000లో ఇది సరిగ్గా 15 శాతం. పక్క దుకాణం 14 శాతం తరుగు చెప్పి మజూరీ లేదంటే, వినడానికి 12 కంటే 14 ఎక్కువ అనిపిస్తుంది. నిజానికి ఈ హారానికి ఆ దుకాణమే 3,750 రూపాయలు తక్కువ. పని నాణ్యత ఒక్కలాగే ఉందని మీకు నమ్మకం కుదిరితే నిర్ణయం ఈ అంకెను బట్టే తీసుకోండి.

ఇప్పటికి ఎంతయిందో కూడదాం. బంగారం 3,75,000. తరుగు 45,000. మజూరీ 11,250. కెంపులు 9,700. మొత్తం 4,40,950 రూపాయలు. పన్ను దీని మీద పడుతుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పటి నుంచి బంగారు నగల మీద పన్ను 3 శాతం. బిల్లులో ఇది రెండుగా కనిపిస్తుంది. కేంద్రానికి ఒకటిన్నర శాతం, రాష్ట్రానికి ఒకటిన్నర శాతం. మన హారానికి ఒక్కొక్కటి 6,614 రూపాయల 25 పైసలు, రెండూ కలిపి 13,228 రూపాయల 50 పైసలు. కలిపితే 4,54,178 రూపాయల 50 పైసలు.

పన్ను దగ్గర మూడు సందేహాలు తరచుగా వస్తాయి. మొదటిది, మజూరీ మీద 5 శాతం పన్ను ఉందని చాలామంది విని ఉంటారు. అది మన బంగారం మనమే ఇచ్చి, కంసాలి చేత నగ చేయించుకున్నప్పుడు ఆయన కూలి మీద పడే పన్ను. దుకాణంలో తయారుగా ఉన్న నగ కొంటే బంగారం, పని, పొదిగిన రాళ్లు కలిసి ఒకే వస్తువు కింద లెక్క. దానంతటికీ 3 శాతమే. మన బిల్లులో తరుగు, మజూరీల మీద 5 శాతం వేసి ఉంటే 1,125 రూపాయలు ఎక్కువ పడేవి.

రెండోది తగ్గింపు. తరుగులో రెండు శాతం తగ్గిస్తామన్నారు, అంటే 7,500 రూపాయలు. ఆ తగ్గింపు పన్నుకు ముందు పోవాలి. పన్ను అంతా వేసిన తర్వాత చివరి మొత్తంలోంచి 7,500 తీసేస్తే, మనం కట్టని డబ్బు మీద 225 రూపాయల పన్ను కట్టినట్టే. తగ్గింపును బిల్లులో చూపించి, తగ్గిన మొత్తం మీద పన్ను వేయమని అడగండి.

మూడోది పాత బంగారం. ఇంట్లోని పాత నగ ఇచ్చి కొత్తది తీసుకుంటే, మిగిలిన తేడా మీదే పన్ను పడాలని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. పాత బంగారం తగ్గింపు కాదు, మనం డబ్బుకు బదులుగా ఇచ్చిన వెల. మనం లక్ష రూపాయల పాత బంగారం ఇచ్చినా కొత్త హారం మీద పన్ను 13,228 రూపాయల 50 పైసలే. కట్టాల్సిన మొత్తంలోంచి మాత్రమే లక్ష తగ్గుతుంది. ఇక్కడ దుకాణదారు లెక్కే నిజం. మనం చూడాల్సింది పాత నగను ఎలా తూచారన్నది. అమ్మేటప్పుడు రాళ్ల బరువు తక్కువ చూపి, కొనేటప్పుడు ఎక్కువ తీసేస్తే రెండు వైపులా మనకే నష్టం. పాత నగ స్వచ్ఛతను యంత్రంలో పరీక్షించేటప్పుడు, కరిగించేటప్పుడు దగ్గర నిలబడి చూడండి.

మిగిలింది హాల్‌మార్క్. ఇది భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, వేయించే ముద్ర. 2021 జూన్ 23న దేశంలో 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు సంఖ్య, హెచ్‌యూఐడీ, ఉన్న నగలే అమ్మాలి. నగ మీద మూడు గుర్తులు వెతకాలి: త్రికోణాకారపు బీఐఎస్ చిహ్నం, 22కె 916 వంటి స్వచ్ఛత గుర్తు, ఆ తర్వాత ఆరు అక్షరాల సంఖ్య. దుకాణంలో భూతద్దం ఉంటుంది, అడిగి చూడండి. ఆ సంఖ్యను ఫోన్‌లో బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొడితే నగ ఏ రకం, స్వచ్ఛత ఎంత, ముద్ర ఏ కేంద్రంలో వేశారు అన్న వివరాలు వస్తాయి. హారం ముద్ర అని చెప్పి ఉంగరం వివరాలు వస్తే అక్కడే ఆగిపోండి. హాల్‌మార్క్ ఖర్చు ఒక్కో వస్తువుకు 45 రూపాయలు, పన్ను అదనం. బరువును బట్టి పెరగదు. మన హారానికి పన్నుతో 53 రూపాయల 10 పైసలు. కలిపి పైకి సవరిస్తే చివరి మొత్తం 4,54,232 రూపాయలు.

రెండు గ్రాముల లోపు నగలకు, కుందన్, పోల్కీ, జడావు పనికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. హైదరాబాద్ నగలంటే జడావు హారాలకు పేరు. లక్క, రాళ్లు ఎక్కువగా ఉండి బరువు లెక్క ఎక్కడ అన్నిటికంటే కష్టమో, అక్కడే ముద్ర కూడా ఉండకపోవచ్చు. అందుకని అలాంటి హారం కొనేటప్పుడు బంగారం ఎన్ని క్యారెట్లు, నికర బరువు ఎంత, రాళ్లు లక్క కలిపి ఎంత అన్నవి బిల్లు మీద విడివిడిగా రాయించుకోవడం తప్పనిసరి.

బిల్లు అంటే నిజమైన పన్ను బిల్లు. ఎస్టిమేట్ అని రాసిన తెల్ల చీటీ బిల్లు కాదు. బీఐఎస్ నిబంధనల ప్రకారం హాల్‌మార్క్ నగ బిల్లులో ప్రతి వస్తువు వివరం, విలువైన లోహపు నికర బరువు, స్వచ్ఛత, హాల్‌మార్క్ ఖర్చు విడిగా ఉండాలి. పన్ను లేకుండా ఇస్తాం, చీటీ తీసుకోండి అని ఎవరన్నా అంటే 13,000 చిల్లర మిగిలిందనిపిస్తుంది. రేపు తేడా వస్తే ఆ హారం వాళ్ల దగ్గరే కొన్నామని చెప్పడానికి కూడా మన చేతిలో ఏమీ ఉండదు. ఇంకొకటి, 2 లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ నంబరు ఇవ్వాలి. ఒకే కొనుగోలుకు 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. అందుకోసం ఒక హారాన్ని రెండు మూడు బిల్లులుగా చీల్చి రాస్తామంటే ఒప్పుకోవద్దు. అప్పుడు ఏ బిల్లులోని బరువూ మీ చేతిలోని హారం బరువుతో సరిపోదు.

తేడా కనిపిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి? స్వచ్ఛత మీద అనుమానం ఉంటే బీఐఎస్ గుర్తించిన పరీక్ష కేంద్రానికి నగను మీరే తీసుకెళ్లవచ్చు. నాలుగు వస్తువుల దాకా రుసుము 200 రూపాయలు. పరీక్షలో రాసినదానికంటే స్వచ్ఛత తక్కువ తేలితే, ఆ లోటు విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు కలిపి దుకాణం ఇవ్వాలి. ఉదాహరణకు 37.500 గ్రాముల్లో వెయ్యికి 916 ఉండాల్సింది 900 తేలితే, తగ్గిన మేలిమి బంగారం 600 మిల్లీగ్రాములు. దాని విలువకు రెండింతలు మీకు రావాలి. ఇది స్వచ్ఛతకు వర్తించే నియమం. తూకం యంత్రంలో తేడా అయితే తూనికలు కొలతల శాఖకు చెప్పాలి. రాళ్ల బరువు, తరుగు, పన్ను లెక్కల్లో తేడా అయితే మొదట దుకాణాన్ని రాతపూర్వకంగా అడగండి. తర్వాత జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము లేదు. మన హారం ఆ లోపలే ఉంది.

ఇదంతా గుర్తుండదేమో అనుకునేవాళ్ల కోసం ఒక క్రమం చెబుతాను. డబ్బు కట్టే ముందు బిల్లు చిత్తుప్రతి చూపమనండి. చీటీ, దారం తీసి తూచి మొత్తం బరువు చూడండి. రాళ్ల క్యారెట్లను ఐదుతో భాగించి, తీసేసిన రాళ్ల బరువుతో పోల్చండి. మిగిలిన నికర బరువును 22 క్యారెట్ల రేటుతో గుణించండి. తరుగు, మజూరీ నికర బరువు మీదే పడ్డాయా చూసి, రెండూ కలిపి బంగారం ఖరీదులో ఎంత శాతమో తేల్చండి. తగ్గింపు తీసేశాక మొత్తం మీద ఒకే 3 శాతం పన్ను ఉందా చూడండి. ఫోన్‌లో లెక్కలు చేసే యంత్రం ఉంటే ఇదంతా పది నిమిషాల పని. నిజాయితీగా అమ్మే దుకాణదారు ఈ పది నిమిషాలకు అడ్డు చెప్పడు. అలాంటి దుకాణాలు పాట్ మార్కెట్‌లో ఉన్నాయి, జనరల్ బజార్‌లోనూ ఉన్నాయి. రాళ్ల బరువు రాయడానికి వెనకాడే చోట హారం ఎంత నచ్చినా లేచి రండి.